నీ స్కాలర్‌షిప్ వ్యాసం గురించి

బంగారూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ పెద్దమ్మగా చదివి ఏడ్చాను. రెండోసారి, ఒక ట్రస్టు కోసం ఏళ్ల తరబడి ఇలాంటి దరఖాస్తులు చూసినదానిగా, పెన్సిల్ పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి.

నువ్వు రాసింది 470 మాటలు. అందులో ఇంటి కష్టం గురించి 310 ఉన్నాయి. నువ్వేం చేశావో చెప్పేవి 38. అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది ఇదే. మొదటి పేరా చూడు: "విధి మా కుటుంబంపై పగబట్టింది. నాన్న ప్రమాదంతో మా బతుకుల్లో చీకటి అలుముకుంది. తిండికి కూడా నోచుకోక కన్నీళ్లతో కడుపు నింపుకున్నాం." చదివేవాళ్ల ముందు ఇలాంటి కాగితాలు ఒక దొంతర ఉంటుంది, చాలావాటిలో ఇదే విధి, ఇదే చీకటి. పేరు తీసేస్తే ఈ పేరా ఎవరిదైనా కావచ్చు. మీ ఇల్లు ఇందులో ఎక్కడా కనబడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. "తిండికి నోచుకోక" అన్నావు, "రూపాయి ఆదాయం లేదు" అన్నావు. ఇదే దరఖాస్తుకి మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం జత చేస్తున్నావు కదా, అందులో ఏడాదికి 1,44,000 అని ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇంటర్వ్యూలో "అంటే ఏ నెలల్లో లేదమ్మా?" అని మెల్లగా అడుగుతారు. అక్కడ నువ్వు తడబడితే, నిజంగా పడ్డ కష్టం కూడా కల్పించి చెప్పినట్టు అనిపిస్తుంది. నాన్న ఆటో నడపలేకపోయిన ఆ ఐదు నెలలూ ఇంట్లో రేషన్ బియ్యం ఉన్నాయి, కూరగాయలు తగ్గాయి, గ్యాస్ సిలిండర్ అప్పు తెచ్చి నింపించారు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

నీతో ఫోన్లో మాట్లాడి తెలుసుకున్నదాన్ని నేనిలా రాసి చూశాను:

"2022 జులైలో నాన్న కాలు విరిగి ఐదు నెలలు ఆటో నడపలేకపోయారు. అమ్మ చిలకలగూడలో పొద్దున పూట ఇడ్లీ బండి పెట్టింది. రాత్రి పిండి రుబ్బడం, తెల్లారి నాలుగింటికి లేచి చట్నీ చేయడం నా పని. ఏడున్నర దాకా బండి దగ్గర ఉండి కాలేజీకి వెళ్లేదాన్ని. ఆ ఏడాది ఫిజిక్స్‌లో 60కి 31 వచ్చాయి. నాన్న మళ్లీ ఆటో ఎక్కాక, రెండో ఏడాది 52 వచ్చాయి."

ఇందులో "పాపం" అనిపించుకునే మాట ఒక్కటీ లేదు. కానీ నాలుగింటికి లేచిన పిల్లకి 31 ఎందుకు వచ్చాయో చదివేవాళ్లకి తెలిసిపోతుంది, నువ్వు సాకు చెప్పక్కర్లేదు. అలాగని మరీ పోలీసు రిపోర్టులా పొడిపొడిగా రాయకు. ఆ మొదటి వారం నీకు భయం వేసింది కదా, ఆ ముక్క ఒక్కసారి, జులై పక్కనే రాయి. భయం ఎప్పుడు వేసిందో, దేనికి వేసిందో చెబితే అది కూడా సమాచారమే. "వర్ణించలేని వేదన" అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు.

ఇప్పుడు నువ్వు అసలు రాయకుండా వదిలేసిన సంగతి. ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో రోజూ ఎన్ని ప్లేట్లు అమ్మారో, ఎంత పిండి మిగిలిందో రాసేదాన్నని ఫోన్లో మాటల మధ్య అన్నావు. గురువారాలు ఎక్కువ మిగులుతోందని గమనించి, బుధవారం పప్పు తక్కువ నానబెట్టమని అమ్మకి చెప్పింది నువ్వే. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఎందుకు తీసుకున్నావో చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం ఉంటుందా? కష్టానికి 120 మాటలు మించనివ్వకు. ఈ లెక్కలకి 200 ఇవ్వు. మిగిలిన చోట ఫీజు ఎంత, అందులో ఇంట్లో కట్టగలిగేది ఎంత, తక్కువ పడేది ఎంత అన్నది అంకెల్లో పెట్టు.

నాన్న రాత్రిళ్లు ఏడ్చిన సంగతి కూడా రాశావు. ఆ వాక్యం నీదా, ఆయనదా? ఏడ్చింది ఆయన, దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్లు చదువుతారు. రాయడం పూర్తయ్యాక వ్యాసం మొత్తం ఆయన ఎదురుగా పైకి చదువు. ఎక్కడ నీ గొంతు తగ్గుతుందో, ఎక్కడ గబగబా దాటేయాలనిపిస్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆ వాక్యాలు ఉంచాలా తీసేయాలా అని ఆయన్నే అడుగు.

శనివారం సాయంత్రం మీ ఇంటికి వస్తాను. ఆ ఫిజిక్స్ రికార్డు వెతికి పెట్టు, గురువారాల లెక్క ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెద్దమ్మ