రద్దయిన ఫీజు, మిగిలిపోయిన మచ్చ: క్రెడిట్ స్కోరు విషయంలో చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రశ్న: నాకు రెండు క్రెడిట్ కార్డులు ఉండేవి. ఒకదాని లిమిట్ లక్ష, రెండోదానిది లక్షన్నర. ఇంటి ఖర్చులు, ఇన్సూరెన్స్ అన్నీ మొదటి కార్డు మీదే. నెలకు 90 వేల దాకా వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తాను. రెండోది వాడలేదు. ఫీజు ఉండదని చెప్పి ఇచ్చిన ఆ కార్డుకు 2024లో 590 రూపాయలు ఫీజు వేశారు. ఫిర్యాదు చేస్తే రెండు నెలల తర్వాత రద్దు చేశారు. కోపంతో ఆ కార్డు మూసేశాను. ఇప్పుడు 30 లక్షల హోమ్ లోన్‌కు వెళ్తే స్కోరు 786 నుంచి 718కి పడిందని, వడ్డీ అర శాతం ఎక్కువ పడుతుందని అన్నారు. రిపోర్టులో మూసేసిన కార్డు దగ్గర 62 రోజుల ఆలస్యం అని ఉంది. కోర్టుకు వెళ్లవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కోర్టు సంగతి తర్వాత చూద్దాం. మీ రిపోర్టులో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నిజమైన సమాచారం వల్ల వచ్చింది, దాని మీద చట్టపరంగా మీరు చేయగలిగింది లేదు. కానీ అది మీ చేతిలోనే, కొన్ని వారాల్లో సర్దుకునే విషయం. రెండోది తప్పుడు సమాచారం. దాన్ని సరిచేయించుకోవడం మీ హక్కు.

మొదటిది వాడకం శాతం. మీ కార్డులన్నిటి లిమిట్ కలిపితే ఎంత, అందులో ఎంత వాడి ఉంది అన్న లెక్క ఇది. రెండు కార్డులూ ఉన్నప్పుడు మీ మొత్తం లిమిట్ రెండున్నర లక్షలు. 90 వేలు వాడితే 36 శాతం. రెండోది మూసేసిన రోజున మీ ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగలేదు, కానీ అదే 90 వేలు ఇప్పుడు లక్షలో 90 శాతం అయింది. చేతిలో ఉన్న అప్పు అవకాశాన్ని దాదాపు చివరిదాకా వాడేస్తున్న మనిషిగా మీరు కనిపిస్తున్నారు. కార్డు మూసేస్తే అప్పుల గొడవ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఫీజు లేని పాత కార్డు విషయంలో జరిగేది తరచుగా దీనికి తలకిందులు.

"నేను మొత్తం కట్టేస్తున్నాను కదా" అన్నది మీ బాధ. నిజమే, అందుకే మీకు వడ్డీ పడటం లేదు. కానీ బ్యాంకు మీ వివరాలు క్రెడిట్ సమాచార సంస్థలకు పంపే రోజున ఖాతాలో ఎంత బాకీ కనిపిస్తే అంతే అక్కడ నమోదవుతుంది. ఆ తర్వాత వారానికి మీరు అంతా కట్టినా, అప్పటికి వెళ్లిపోయిన అంకె 90 వేలే. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ వివరాలను కనీసం పక్షానికి ఒకసారి, అంటే 15వ తేదీ నాటికి, నెలాఖరు నాటికి ఉన్న లెక్కతో పంపాలని ఆర్‌బీఐ ఆదేశించింది. దీనివల్ల మీకు మేలే. బిల్లు వచ్చాక గడువు తేదీ దాకా ఆగకుండా, బిల్లు తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే 70 వేలు కట్టేయండి. బిల్లులో 20 వేలే కనిపిస్తుంది. 15న, నెలాఖరున కూడా బాకీ తక్కువగా ఉండేలా చూసుకోండి. ఖర్చు మార్చుకోనక్కర్లేదు, కట్టే రోజు మారిస్తే చాలు. 30 శాతం దాటకూడదని అందరూ చెప్పేది అనుభవంతో వచ్చిన మాట. అది చట్టంలో గానీ ఆర్‌బీఐ నిబంధనల్లో గానీ లేదు. ఏ అంశానికి ఎన్ని మార్కులు అన్న పూర్తి సూత్రాన్ని స్కోరు ఇచ్చే సంస్థలు బయటపెట్టవు.

ఇక రెండోది, మీకు అసలు నష్టం చేసేది. వాడకం శాతం ముఖ్యంగా ఇవాళ్టి పరిస్థితిని చెబుతుంది, బాకీ తగ్గితే అదీ తగ్గుతుంది. కట్టిన చరిత్ర అలా చెరిగిపోదు. రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలవారీగా చిన్న గడులు ఉంటాయి, 36 నెలల వరకు. గడిలో సున్నాలుంటే ఆ నెల సకాలంలో కట్టినట్టు. అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. దీన్నే బ్యాంకుల్లో డీపీడీ అంటారు. మీ గడిలో 62 ఉంది. లోను ఫైలు చూసే అధికారి స్కోరు ఒక్కటే చూసి వదిలేయడు, ఈ గడుల వైపు కూడా చూస్తాడు. ఆ 62 రోజుల వెనక ఉన్నది 590 రూపాయలేనని, అదీ రద్దయిన ఫీజని ఆ గడి చెప్పదు.

ఆ డబ్బు మీరు బాకీ లేనప్పుడు ఆలస్యం అన్న మాటకే అర్థం లేదు. ఫీజు రద్దు చేయడంతో బ్యాంకే ఆ సంగతి ఒప్పుకుంది. తన పుస్తకంలో రద్దు చేసి, బయటకు పంపిన సమాచారాన్ని మాత్రం సవరించలేదు. క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల (నియంత్రణ) చట్టం, 2005లోని 21(3) సెక్షన్ సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే ఉంది. మీరు కోరిన 30 రోజుల్లోగా సమాచారాన్ని సరిచేసే చర్య తీసుకోవాలి. అయితే సిబిల్ లాంటి సంస్థ తనంతట తాను ఆ గడిని మార్చలేదు. సవరణ సరైనదేనని సంబంధిత బ్యాంకు ధ్రువీకరించాలి. అందుకే ఆన్‌లైన్‌లో సిబిల్‌కు మాత్రమే ఫిర్యాదు పెట్టి ఎదురుచూసేవాళ్లకు "బ్యాంకు ధ్రువీకరించలేదు" అన్న సమాధానం వస్తుంది. ఫిర్యాదు రెండు చోట్లా ఒకే రోజు పెట్టండి.

బ్యాంకుకు రాసే లేఖ కస్టమర్ కేర్‌తో ఆగకుండా నోడల్ అధికారికి చేరాలి. ఫీజు పడిన స్టేట్‌మెంటు, అప్పట్లో మీరు చేసిన ఫిర్యాదు నంబరు, ఫీజు వెనక్కి ఇచ్చిన స్టేట్‌మెంటు, రిపోర్టులో ఆ గడి ఉన్న పేజీ జతచేయండి. "నా స్కోరు పెంచండి" అని రాయవద్దు. ఫలానా నెలల్లో చూపిన ఆలస్యం తప్పు, 21(3) ప్రకారం సవరించి ధ్రువీకరణ పంపండి అని మాత్రమే రాయండి. ఈ తేడా చిన్నది కాదు. స్కోరు ఎలా లెక్కగట్టారన్న వివాదాలు ఆర్‌బీఐ నష్టపరిహార పథకం పరిధిలోకే రావు. తప్పు సమాచారం వస్తుంది.

అదే లేఖలో ఇంకో మాట అడగండి. క్రెడిట్ కార్డులపై ఆర్‌బీఐ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఎగవేతదారుగా నమోదు చేయబోతున్నామని కార్డుదారుకు ముందుగా ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. బాకీ మీద వివాదం నడుస్తున్నప్పుడు అది తేలాకే ఆ సమాచారం బయటకు పంపాలి. మీ ఫిర్యాదు పెండింగ్‌లో ఉండగానే 62 రోజులు చూపించారు కాబట్టి, నోటీసు కాపీ ఇవ్వమనండి. అది లేకపోతే మీ కేసు ఇంకా బలపడుతుంది.

30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2023 అక్టోబరులో ప్రకటించిన ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఉదాహరణకు మీరు జూన్ 3న ఫిర్యాదు చేశారనుకుందాం. జూలై 3తో గడువు ముగుస్తుంది. ఆగస్టు 22న సరిచేస్తే 50 రోజుల ఆలస్యం, అంటే 5,000 రూపాయలు. బ్యాంకు 21 రోజుల్లోగా సవరించిన వివరాలు పంపకపోతే పరిహారం బ్యాంకు ఇవ్వాలి. అది సకాలంలో పంపినా సమాచార సంస్థ గడువులోగా సరిచేయకపోతే ఆ సంస్థ ఇవ్వాలి. 30 రోజుల్లో పని కాకపోయినా, పరిహారం ఎగ్గొట్టినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఇప్పుడు కోర్టు సంగతి. దయచేసి తొందరపడవద్దు. సమాచారం మీద కోర్టులో గానీ ట్రిబ్యునల్‌లో గానీ వివాదం నడుస్తుంటే, అది తేలేదాకా సవరణ చేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. అంతవరకు బ్యాంకు పుస్తకాల్లో ఉన్నదే చెల్లుతుంది. ఒక క్లయింటు నా దగ్గరకు వచ్చేసరికే కోపంలో వేరేచోట కేసు వేసేశారు. నెల రోజుల్లో లేఖతో అయ్యే పని కేసు వల్ల ఆగిపోయింది, ఈలోగా ఆయన కొనాలనుకున్న ఫ్లాటు చేజారింది. అంబుడ్స్‌మన్ దగ్గర కూడా న్యాయం జరగలేదనుకుంటే అప్పుడు ఆలోచిద్దాం. స్కోరు పెంచిపెడతామని డబ్బులడిగే ఏజెంట్లను దగ్గరకు రానివ్వకండి. నిజమైన ఆలస్యాన్ని ఎవరూ చెరపలేరు, తప్పుడు దాన్ని చెరపడానికి పైసా ఖర్చు లేదు.

హోమ్ లోన్ విషయంలో, ఇంత స్కోరు ఉంటేనే అప్పు ఇవ్వాలని ఆర్‌బీఐ ఎక్కడా పెట్టలేదు. స్కోరును బట్టి వడ్డీ స్లాబులు పెట్టుకోవడం ఆయా బ్యాంకుల వ్యాపార నిర్ణయం, దాన్ని చట్టపరంగా ప్రశ్నించలేం. అయితే దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్లు చూసిన క్రెడిట్ రిపోర్టు కాపీ అడిగే హక్కు కూడా మీకుంది. 30 లక్షలకు 20 ఏళ్ల గడువుతో 8.5 శాతం దగ్గర నెల వాయిదా దాదాపు 26,035 రూపాయలు, 9 శాతం దగ్గర 26,992. చివరికి తేడా దాదాపు 2.3 లక్షలు అవుతుంది. ఇల్లు కొనే గడువు మరీ దగ్గర పడకపోతే రెండు నెలలు ఆగడం మంచిది. ఈలోగా నాలుగైదు బ్యాంకుల్లో దరఖాస్తులు పెట్టకండి, ప్రతి విచారణా రిపోర్టులో నమోదవుతుంది.

సవరణ అయిందని మెసేజ్ రాగానే సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా తీయండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీకు లోను ఇచ్చే బ్యాంకు ఈ నాలుగింటిలో దేన్ని చూస్తుందో మీకు తెలియదు. ఒకచోట సరైన గడి ఇంకోచోట 62గానే ఉండటం నేను చూశాను. నాలుగింటిలోనూ సరైందని చూసుకున్నాక, బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ లేఖ జతచేసి లోను ఫైలు మళ్లీ పెట్టండి.