యాస దగ్గరైందా, దూరమైందా?

శ్రీకాకుళం, కరీంనగర్ వాళ్లు మాట్లాడుకుంటుంటే యాస మారిందని ఎలా కొలుస్తారు?

రెండు యాసల్లో వేరుగా ఉండే మాట ఒకటి తీసుకుని లెక్కపెడతారు. కరీంనగర్ మనిషి సొంతూరి వాళ్లతో 100 సార్లలో 70 సార్లు ‘గిట్ల’, మిగతా 30 సార్లు ‘ఇలా’ అన్నారనుకుందాం. శ్రీకాకుళం మనిషితో ‘గిట్ల’ 40కి తగ్గితే దగ్గరైనట్టు, 90కి పెరిగితే దూరం జరిగినట్టు.

పొరబాటు జరిగేది ఇక్కడే. ‘ఇలా’ పుస్తకాల్లో, టీవీలో వినిపించే రూపం కూడా. రికార్డర్ ముందు టెన్షన్‌తోనో, కొత్తవాళ్ల దగ్గర మర్యాదకో అని ఉండొచ్చు. అందుకే అదే విషయం మీద పరిచయం లేని ఇంకో కరీంనగర్ మనిషితోనూ మాట్లాడించాలి. అక్కడా ‘గిట్ల’ 40కే పడిపోతే, ఆ మార్పు శ్రీకాకుళం యాస వల్ల వచ్చిందని చెప్పలేం.