ఫొటో కదిలిందా, ఫోకస్ తప్పిందా?

ప్రశ్న: పల్లెలో చిన్న దుకాణం నాది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. అన్నీ మసకగానే వస్తున్నాయి, పెట్టె మీద అక్షరాలు కూడా కనపడట్లేదంటున్నారు. అలాంటివి రెండు ముందే పంపాను. ఇప్పుడు పద్ధతి మార్చి గుమ్మం దగ్గర తీసిన టార్చిలైటు పెట్టె, స్టీలు గిన్నె ఫొటోలు కూడా పంపుతున్నాను. ఫోన్ మార్చాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. మీరు ముందు పంపిన రెండు ఫొటోలూ మసకగానే ఉన్నాయి కానీ, రెండింటి జబ్బూ ఒకటి కాదు. అందుకే మందూ ఒకటి కాదు.

మొదటిది వెనక అరలో ఉన్న టార్చిలైటు పెట్టె. దాన్ని పెద్దది చేసి చూస్తే అక్షరాలన్నీ ఒకే పక్కకు సాగి, ఒక్కో గీత రెండు గీతలుగా కనిపిస్తోంది. వెనకున్న అర అంచు కూడా అదే దిక్కుకు సాగింది. అన్నీ కలిసి ఒకే వైపు సాగాయంటే ఫొటో తీసేటప్పుడు చెయ్యి కదిలిందని అర్థం. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫొటో తెరిచి వేలితో పైకి జరిపితే వివరాలు కనిపిస్తాయి. మీ ఫొటోకి 1/15, ISO 1250 అని ఉంది. అరలో వెలుతురు చాలక, కెమెరా సెకనులో పదిహేనో వంతు సేపు కాంతిని పోగు చేసుకుందన్నమాట. అంతసేపు ఫోన్ కదలకుండా పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అప్పటికీ వెలుతురు సరిపోక, అందిన కాంతిని ఎక్కువ చేసి చూపే ISO అంకెను పెంచింది. ఫొటో నిండా ఇసుక చల్లినట్టున్న చుక్కలు దానివల్ల వచ్చినవే.

రెండోది బ్యాటరీల ప్యాకెట్. ఇందులో అక్షరాలు సాగలేదు, ఉబ్బినట్టు మెత్తబడ్డాయి. వెనకున్న గల్లాపెట్టె తాళం మాత్రం గీత గీతా తెలుస్తోంది. అంటే చెయ్యి కదల్లేదు, ఫోకస్ వెనక్కి పోయింది. ప్యాకెట్‌కి ఫోన్ బాగా దగ్గరగా పెట్టడమే కారణం. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా పది సెంటీమీటర్లకన్నా దగ్గరున్న వస్తువును పట్టుకోలేదు, కొన్నింటికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. జానెడున్నర దూరం జరిగి తీసి, తర్వాత చుట్టూ ఉన్నది కత్తిరించుకుంటే అక్షరాలు నిలబడతాయి. చిన్న వస్తువు కదా అని దగ్గరికి పోవడమే అందరూ చేసే పొరపాటు.

ఇక మీరు మార్చిన పద్ధతి. గుమ్మానికి రెండడుగుల లోపల, ఎండ నేరుగా పడనిచోట స్టూలు వేశారు. గుమ్మం ఒక పక్కకు వచ్చేలా వస్తువు పెట్టి, రెండో పక్కన తెల్ల చార్టు నిలబెట్టారు. గుమ్మంలోంచి వచ్చిన వెలుతురు చార్టు మీద పడి తిరిగి వస్తుంది కాబట్టి పెట్టెకు రెండో వైపు నల్లబడలేదు. లోపలి ట్యూబులైటు ఆర్పడం కూడా మంచి పనే. పగటి వెలుగు, లైటు వెలుగు కలిస్తే తెల్ల పెట్టె ఒక్కో పక్క ఒక్కో రంగుగా రావచ్చు.

అదే టార్చిలైటు పెట్టెకు ఇప్పుడు 1/120, ISO 100 అని చూపిస్తోంది. కెమెరా తీసుకున్న సమయం ఎనిమిదో వంతుకు, ISO పన్నెండో వంతుకు తగ్గాయి. అంటే అరలో కన్నా గుమ్మం దగ్గర వెలుతురు దాదాపు 100 రెట్లు ఎక్కువ. కంటికి అంత తేడా తెలియదు, ఎందుకంటే చీకటికి కన్ను తనంతట తాను సర్దుకుంటుంది.

ఫోకస్ కోసం తెర మీద పెద్ద అక్షరాల అంచున వేలు పెట్టి రెండు సెకన్లు నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో AE/AF Lock అనో, తాళం గుర్తో కనిపిస్తుంది. ఖాళీగా, నున్నగా ఉన్న చోట నొక్కితే కెమెరాకు పట్టు దొరకదు. నలుపు తెలుపు కలిసే అంచుంటేనే అది ఫోకస్ సరిచూసుకోగలదు. లాక్ చేశాక ఫోన్ ముందుకో వెనక్కో జరిగితే మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత 3 సెకన్ల టైమర్ పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి తీయండి. బటన్ నొక్కేటప్పుడు వచ్చే కుదుపు టైమర్‌తో పోతుంది.

స్టీలు గిన్నె ఫొటోలో ఇంకా ఒక ఇబ్బంది ఉంది. గిన్నె మీద మీ చొక్కా, గుమ్మం కనిపిస్తున్నాయి. అది ఫోకస్ తప్పు కాదు. మెరిసే వస్తువు అద్దంలా ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. ఫ్లాష్ వేస్తే ఇంకా చెడిపోతుంది, నడుమ తెల్లటి మచ్చ పడుతుంది. మీరు పక్కకు జరిగి, చార్టు గిన్నెకు ఎదురుగా వచ్చేలా పెట్టండి. అప్పుడు గిన్నె మీద ఎక్కువగా చార్టు తెలుపే కనిపిస్తుంది.

వాట్సాప్‌లో పంపేముందు పైనున్న HD గుర్తు నొక్కండి. లేకపోతే ఫొటో సైజు బాగా తగ్గించి పంపుతుంది, పెట్టె మీది సన్న అక్షరాలు అక్కడే పోతాయి.