తేదీల్లేని తాత బాల్యం

"మా తాత సుతారి కూలి, బడి మొహం చూడలేదు, పాటలు కట్టేవాడు. ఆయన బతుకు రాద్దామంటే చిన్ననాటి సంగతులు ఏ ఏడాదివో ఎవరూ చెప్పట్లేదు."

అన్నా, ఏడాది అడగకండి. "పోలీస్ యాక్షన్ నాటికి ఏం పని చేస్తుండె?" అని అడగండి. "మేకలు కాస్తుండె" అంటే, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన ఆ 1948 సెప్టెంబరుకి ఎనిమిదీ పదేళ్ల పిల్లాడు. పుట్టింది 1938-40 ప్రాంతం. నిజాం కాలపు ఫసలీ ఏడాది వేసిన కాగితం దొరికితే ఆ అంకెకు 590 కలపండి, ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది.

తాత పాటల్ని, నాట్లేసిన అవ్వలతో విడివిడిగా పాడించి రికార్డు చేయండి. వట్టిగా చెప్పమంటే చరణాలు జారిపోతాయి. అందరి నోటా ఉన్న చరణం ఊరిది, దాన్ని తాత బతుకని రాయొద్దు. దొర పేరు, బావి పేరు, కూలి గింజల కొలత ఆయన పాటలోనే వస్తే పట్టుకోండి. అదే సంగతి పాట తెలియని ముసలివాళ్లనూ అడగండి.