ముందు లైవ్ వ్యూతో పోల్చి చూడండి

ప్రశ్న: నా డీఎస్ఎల్ఆర్‌లో కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు స్పష్టంగా వస్తోంది. లెన్సు మార్చాలా, సర్వీసుకు ఇవ్వాలా?

అప్పుడే రెండూ వద్దు. ఒంగోలు దగ్గర ఒక రైతు ఇంట్లో గిత్తను 85 మి.మీ. లెన్సుతో, ఎఫ్/1.8 దగ్గర తీశాను. ప్రతి ఫొటోలోనూ ముట్టె మీది తడి మెరుస్తోంది, కన్ను మాత్రం మసకగా ఉంది. ఒక సర్వీసు సెంటరువారు లెన్సు పోయిందన్నారు. కెమెరాకు తగిలించి చూడకుండానే అలా తేల్చేయడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు ఫోకస్‌ను కొలిచేది అద్దం కింద ఉన్న వేరే సెన్సర్. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూసి తీసేటప్పుడు, కొలిచేది ఫొటో పడే సెన్సరే. అందుకే లైవ్ వ్యూలో బాగా వచ్చి వ్యూఫైండర్‌లో చెడితే లెన్సు గాజుది తప్పు కాదు, సర్దుబాటుది.

ఆ తేడా ఎంతో కొలవడానికి పెద్ద అంకెల గోడ క్యాలెండరును అట్టకు అంటించి, లెన్సుకు ఎదురుగా, సమాంతరంగా నిలబెట్టాను. దాని పక్కనే 45 డిగ్రీల వాలులో స్కేలు ఉంచి, దాని మధ్య గీతను క్యాలెండరుతో సమంగా పెట్టాను. ఫోకస్ మాత్రం అంకె మీదే పెట్టాలి. వాలు స్కేలు మీదే గురిపెట్టమనే సలహాలు చాలామందిని తప్పుదారి పట్టించాయి. ఫోకస్ పాయింటు వ్యూఫైండర్‌లో కనిపించే చతురస్రం కంటే పెద్దది, వాలులో ఏ గీతను పట్టుకుంటుందో మనకు తెలియదు.

దూరం ఫోకల్ లెంగ్తుకు 25 నుంచి 50 రెట్లు ఉండాలి. నేను 3 మీటర్లు పెట్టాను. ట్రైపాడ్, పగటి వెలుతురు, పూర్తిగా తెరిచిన అపెర్చర్. ప్రతి ఫొటోకు ముందు ఫోకస్ రింగు తిప్పి చెడగొట్టి, మళ్ళీ ఫోకస్ చేసి, అలా ఆరు ఫొటోలు తీశాను. స్కేలు మీద 7 సెం.మీ. ముందున్న గీతలు స్పష్టంగా వచ్చాయి. వాలు లెక్క తీసేస్తే అసలు లోపం దాదాపు 5 సెం.మీ.

నికాన్‌లో `AF fine-tune`, కానన్‌లో `AF Microadjustment` అనే మెనూ ఉంటుంది. రెండింటిలోనూ ఈ సర్దుబాటును -20 నుంచి +20 వరకు మార్చుకోవచ్చు. చౌక మోడళ్ళు కొన్నింటిలో ఇది ఉండదు. ఫోకస్ ముందుకు పడితే ప్లస్, వెనక్కు పడితే మైనస్. నాకు +10 దగ్గర ఇంకా కొంచెం ముందుకే పడింది, +18 దగ్గర వెనక్కు పోయింది, +14 కుదిరింది. ఆ వారంలోనే మళ్ళీ వెళ్ళి తీస్తే గిత్త నల్లటి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి.

ఆరు ఫొటోలూ ఒకే వైపు తప్పితేనే ఈ వైద్యం పనిచేస్తుంది. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు పడితే ఏ అంకె పెట్టినా కుదరదు. సర్వీసుకు ఇవ్వవలసింది అప్పుడే, ఆ ఆరు ఫొటోలూ వెంట తీసుకుని.