కన్ఫర్మేషన్ లింక్ గడువు తీరిపోతే

మెయిల్‌లో వచ్చిన లింక్ నొక్కితే ‘ఎక్స్‌పైర్ అయింది’ అంటోంది. మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలా?

అక్కర్లేదు, అదే ఈమెయిల్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వబోతే చాలా సైట్లలో ‘Resend’ అని కనిపిస్తుంది, దాన్ని నొక్కండి. ఫారం నింపినప్పుడే ఖాతా నమోదైంది. గడువు తీరింది లింక్‌లోని టోకెన్‌కే, అంటే అందులో ఉండే రహస్య కోడ్‌కే. పాత మెయిల్ ఎవరి చేతికైనా చిక్కినా పనిచేయకూడదనే ఆ గడువు పెడతారు.

గంట గడువున్న లింక్ రాత్రి 9కి వచ్చింది, మీరు పొద్దున నొక్కారనుకోండి. Resend నొక్కితే అదే ఖాతాకు కొత్త టోకెన్ వస్తుంది. టెన్షన్‌తో మూడుసార్లు నొక్కితే మాత్రం చాలాచోట్ల చివరిదే చెల్లుతుంది. Gmail ఆ మెయిళ్లన్నిటినీ ఒకచోట కలిపితే, తాజాది అట్టడుగున ఉంటుంది. దాన్నే తెరవండి.

లింక్ పోతే ఖాతా పోయిందనుకుని చాలామంది వేరే ఈమెయిల్‌తో ఇంకోసారి నమోదవుతారు. రెండు ఖాతాలు పుట్టేది అక్కడే.