ఫొటో చూసి కుక్కపిల్ల వయసు చెప్పవచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఒక వీధి కుక్కపిల్ల వచ్చి చేరింది. పెంచుకోవాలని ఉంది. పక్కింటివారు వాట్సాప్‌లో పంపిన మూడు ఫొటోలు జతచేశాను. వారు రెండు నెలల పిల్ల అంటున్నారు, వాచ్‌మన్ నాలుగు నెలలు అంటున్నాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఈ ఫొటోలను బట్టి దాని వయసు, ఆరోగ్యం తెలుసుకోవడం సాధ్యమేనా? కాకపోతే ఫోన్‌తో ఎలాంటి ఫొటోలు తీయాలి?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: వయసు విషయంలో చాలావరకు సాధ్యమే. ఆరోగ్యం విషయంలో మాత్రం ఫొటో "ఆలస్యం చేయవద్దు" అని హెచ్చరించగలదే గాని, "ఏమీ లేదు, ఇంటికి తెచ్చుకోండి" అని ఎన్నడూ హామీ ఇవ్వలేదు. ఇలాంటి ఫొటోలతో ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ముఖాన్ని దగ్గరగా, ముద్దుగా చూపించేవే. వయసు చెప్పేది ముఖం కాదు, పళ్లు.

మీరు పంపిన వాటిలో పనికివచ్చేది మూడో ఫొటో, అంటే పిల్ల ఆవులిస్తుండగా తీసినది. కాస్త చెదిరినా అందులో పై దవడ ముందు పళ్లు ఆరూ కనిపిస్తున్నాయి. వాటికి రెండు వైపులా సూదుల్లాంటి సన్నని కోరపళ్లు, వాటి వెనుక చిన్న దవడ పళ్లు కూడా ఉన్నాయి. కుక్కపిల్లకు పాలపళ్లు మూడో వారం నుంచి రావడం మొదలై, సుమారు ఎనిమిదో వారానికి మొత్తం 28 పూర్తవుతాయి. ముందు పళ్లు ఊడి, వాటి చోట వెడల్పైన శాశ్వత పళ్లు రావడం మూడు నుంచి ఐదు నెలల మధ్య, ఎక్కువగా నాలుగో నెల ప్రాంతంలో మొదలవుతుంది. ఈ పిల్లకు కనిపించినంతలో పాలపళ్లన్నీ వచ్చాయి, ఒక్కటీ ఊడలేదు. పైగా ముందు పళ్ల మధ్య సందులు కనిపిస్తున్నాయి. దవడ పెరుగుతున్నా పాలపళ్లు పెరగవు కనుక, పళ్లు మారే కాలం దగ్గరపడేకొద్దీ ఆ సందులు ఏర్పడతాయి. కాబట్టి దీని వయసు రెండు నెలలు దాటింది, నాలుగు నిండలేదు. రెండున్నర నుంచి మూడు నెలల మధ్య ఉంటుందని నా అంచనా.

పక్కింటివారు పరిమాణాన్ని, వాచ్‌మన్ బహుశా కాళ్ల పొడవును చూసి చెప్పి ఉంటారు. వీధి పిల్లల విషయంలో రెండూ మోసం చేస్తాయి, ఎందుకంటే తిండి చాలని పిల్ల శరీరం ఎదగదు గాని పళ్లు దాదాపు వేళకే వస్తాయి. చెవులు నిలబడ్డాయా, వాలి ఉన్నాయా అన్నది కూడా ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. కంటి రంగు కొంత సహాయపడుతుంది. పుట్టిన కొత్తలో ఉండే నీలి బూడిద రంగు రెండో నెలలో క్రమంగా గోధుమ రంగులోకి మారుతుంది, మీ పిల్లకు అది మారింది. అయితే ఫ్లాష్ వేసి తీస్తే కంటి లోపలి మెరుపు తప్ప రంగు కనిపించదు.

రెండా నాలుగా అన్న తేడా ఎందుకంత ముఖ్యమంటే, టీకాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు వేసే మిశ్రమ టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేవరకు కొనసాగిస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల రక్తంలో మిగిలి ఉన్నంతకాలం అది టీకాను పనిచేయనివ్వదు, అందుకే ఇన్ని విడతలు. పది వారాల పిల్లను నాలుగు నెలలదని చెబితే, ఒకటి రెండు విడతలతో ఆపేసే ప్రమాదం ఉంది. అప్పుడు టీకా కార్డు నిండుగా ఉంటుంది, పిల్లకు రక్షణ మాత్రం ఉండదు.

ఇక ఫోన్ల సంగతి. మొదటి ఫొటోలో ఇదే పిల్ల నెలన్నర దానిలా కనిపించడానికి కారణం పిల్ల కాదు, కెమెరా. అడుగు దూరం నుంచి తీస్తే ఫోన్ ప్రధాన లెన్స్ ముక్కును, నుదుటిని పెద్దవి చేసి, వెనుక ఉన్న శరీరాన్ని చిన్నది చేస్తుంది. పెద్ద తల, చిన్న ఒళ్లు చూడగానే మనం పసిదని అనుకుంటాం. రెండు మీటర్లు వెనక్కి జరిగి, పిల్ల ఎత్తుకు కూర్చుని, 2x లో తీస్తే అసలు ఆకారం తెలుస్తుంది. అంతకన్నా నన్ను ఎక్కువగా బాధించేది, ఇప్పటి ఫోన్లు అడగకుండానే చేసే మెరుగులు. చర్మాన్ని నునుపు చేయడం, రంగులను ఎరుపు వైపు జరపడం, నీడలను తుడిచేయడం కొన్ని ఫోన్లలో పూర్తిగా ఆపే వీలు కూడా లేదు. కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలిన గజ్జి మచ్చ, చెవి అంచున పట్టిన పొక్కు, వేళ్ల సందున దాక్కున్న పిడుదు వంటివాటిని ఆ సాఫ్ట్‌వేర్ మచ్చలుగా భావించి మెత్తగా చెరిపేస్తుంది. చూసే కంటికి అందం కావాలో నిజం కావాలో ఎంచుకునే హక్కు ఫొటో తీసేవారికి ఉండాలి. బ్యూటీ, పోర్ట్రెయిట్, ఫిల్టర్, రాత్రి మోడ్ అన్నీ ఆపి, పగటిపూట నీడలో తీయండి.

ఈ రంగుల మార్పు వల్ల అన్నిటికన్నా నష్టం చిగుళ్ల విషయంలో జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల చిగుళ్లు గులాబీ రంగులో ఉంటాయి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తహీనత, దానికి వీధి పిల్లల్లో సాధారణ కారణాలు పిడుదులు, పేగుల్లోని కొంకి పురుగులు. అలాంటి పిల్లను ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. సెల్లార్ ట్యూబ్‌లైట్ కింద తీసిన మీ మొదటి ఫొటోలో చిగుళ్లు పాలిపోయినట్లున్నాయి, ఎండలో తీసిన మూడో ఫొటోలో ఎర్రగా ఉన్నాయి. రెండింటిలో ఏదీ నమ్మదగినది కాదు. ఫ్రేమ్‌లో పిల్ల పక్కన ఒక తెల్లకాగితం ఉంచి తీయండి. ఆ కాగితం ఫొటోలో నిజంగా తెల్లగా కనిపిస్తేనే చిగుళ్ల రంగును లెక్కలోకి తీసుకోవచ్చు. మన వీధి కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు నాలుకను చూడాలి.

పళ్ల కోసం దాని నోరు తెరవవద్దు, మీ ఇంట్లోని చిన్నపిల్లలను అసలు దగ్గరకు పోనివ్వవద్దు. దానికి బదులు మంచి వెలుతురులో వీడియో తీస్తూ ఉండి, ఆవులించినప్పుడో ఏదైనా నమిలినప్పుడో దొరికిన ఫ్రేమ్‌ను ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. స్లో మోషన్‌లో తీస్తే చెదరదు. ఆడుతూ పంటిగాటు పెట్టినా, గీరినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. హైదరాబాద్‌ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు. రెండు మూడు నెలల పిల్లకు రేబిస్ రాదన్న నమ్మకం తప్పు, అది సోకిందో లేదో ఏ ఫొటో ద్వారానూ తెలియదు.

రెండో ఫొటోలో పొట్ట గుండ్రంగా ఉంది, పక్కటెముకలు మాత్రం లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. బాగా తిన్న పిల్లకు పొట్ట ఉబ్బితే ఒళ్లూ నిండుగానే ఉంటుంది. ఎముకలు తేలి, పొట్ట మాత్రమే ఉబ్బిందంటే ఏలికపాములను అనుమానించాలి. ఉదయం తిండి పెట్టకముందు పై నుంచి ఒక ఫొటో తీసి చూడండి, అప్పుడూ పొట్ట రెండు పక్కలకు పొంగి ఉంటే అనుమానం బలపడుతుంది. నట్టల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక అది పశువైద్యుడి పని. నిద్రలో కాళ్లు కొట్టుకోవడం వీడియోలో కనిపిస్తే భయపడనవసరం లేదు. మెలకువగా ఉన్నప్పుడు కాలో దవడో అదేపనిగా అదురుతుంటే, దానితో పాటు కళ్లు, ముక్కు కారుతుంటే డిస్టెంపర్ కావచ్చు.

ఏ ఫొటోలోనూ కనిపించనిది పార్వో. వైరస్ సోకిన తరువాత సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులకు, కొన్నిసార్లు రెండు వారాలకు గాని వాంతులు, రక్త విరేచనాలు మొదలుకావు. అంతవరకు పిల్ల చలాకీగా గంతులేస్తూనే ఉంటుంది. అందుకే ఫొటో ఎప్పుడు తీశారన్నది ముఖ్యం. మీకు వచ్చిన ఫైల్ పేరు IMG-20250614-WA0003.jpg తరహాలో ఉంటే, అందులోని తేదీ మీ ఫోన్‌కు ఆ ఫొటో చేరిన రోజుది, తీసిన రోజుది కాదు. వాట్సాప్ ఫొటోగా పంపినప్పుడు అసలు తేదీ రాదు, HD ఎంచుకుంటే స్పష్టత పెరుగుతుంది గాని తేదీ రాదు. నెల క్రితం తీసిన ఫొటో అయితే పైన చెప్పిన వయసు లెక్కకు నెల కలపాల్సి వస్తుంది. పక్కింటివారిని అసలు ఫైల్‌ను Document గా పంపమని అడగండి, తీసిన తేదీ, సమయం దానిలో ఉంటాయి.

అయితే అదే ఫైల్‌లో మరొకటి కూడా ఉండవచ్చు, నాకు అసలు ఆందోళన దాని గురించే. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో నమోదవుతుంది, దానిని మ్యాప్‌లో పెడితే మీ భవనం తెలిసిపోతుంది. మీ రెండో ఫొటోలో మీ అబ్బాయి స్కూల్ యూనిఫాంలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డాడు, బ్యాడ్జ్ మీద పాఠశాల పేరు చదవగలిగేలా ఉంది. వయసు తెలుసుకోవాలని అదే ఫొటోను వేలమంది ఉన్న దత్తత గ్రూపుల్లో అసలు ఫైల్‌గా పెడితే, ముక్కూముఖం తెలియని వారికి పిల్లవాడి ముఖం, బడి, ఇల్లు మూడూ ఒకే ఫైల్‌లో అందించినట్లవుతుంది. అసలు ఫైల్‌ను నేరుగా పశువైద్యుడికో, బాగా తెలిసిన ఒకరికో మాత్రమే పంపండి. గ్రూపులో పెట్టాల్సివస్తే మీ పిల్లలు లేని ఫొటోను మామూలు ఫొటోగానే పంపండి. తీయబోయే ముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి, తేదీ అలాగే ఉంటుంది.

పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లినప్పుడు పుట్టిన తేదీ అని ఒక్క రోజును రాయించకుండా, "సుమారు పది నుంచి పదమూడు వారాలు" అని ఆ రోజు తేదీతో రాయించండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు కనుక దాని తేదీని ఆయన నిర్ణయిస్తారు. ఇంట్లో మరో కుక్క ఉంటే రెండు వారాలు రెండింటినీ వేరుగా ఉంచండి. మొదటి ముందు పన్ను ఊడిన రోజు మరో ఫొటో తీసి చూపించండి, నేను చెప్పిన లెక్క ఎంత సరిగ్గా ఉందో అప్పుడు తేలుతుంది, కార్డులోని వయసును ఆయన దానిని బట్టి సరిచేస్తారు.